బయటి దేశం షాపు నుంచి గ్యాడ్జెట్ తెప్పించుకోవడం ఎలా: ఆర్డర్ కొట్టకముందే వెనక్కి పంపే లెక్క వేసుకోండి

బయటి దేశం సైట్‌లో ఏదో గ్యాడ్జెట్ కనబడుతుంది, మన దగ్గర దొరకదు, లేదంటే దొరికినా రేటు ఎక్కువ, వెంటనే కార్ట్‌లో వేసేస్తాం. అందరూ చూసేది ఒక్కటే, ఇంటికి చేరేసరికి ఎంతవుతుంది అని. అది చూడాల్సిందే కానీ దాంతో సగం లెక్కే అయినట్టు. మిగతా సగం ఏంటంటే, వచ్చిన వస్తువు మొదటి రోజే ఆన్ అవ్వకపోతే మన జేబులోంచి ఎంత పోతుంది అనేది. ఈ రెండో నంబర్ వేసుకున్నాక చాలా ఆర్డర్లు కార్ట్‌లోనే ఆగిపోతాయి, కొన్ని మాత్రం నిజంగా తెప్పించుకోదగ్గవే అని తేలుతాయి. ఒక ఉదాహరణ పట్టుకుని మొదట్నుంచి చివరిదాకా వెళ్దాం: ఈ-ఇంక్ స్క్రీన్ ఉన్న ట్యాబ్లెట్, సైట్‌లో రేటు 300 డాలర్లు.

1. ఆ మోడల్ మీ దేశంలో పనిచేస్తుందా

డబ్బు లెక్క కంటే ముందు ఇది చూడాలి, ఎందుకంటే "మా దేశంలో పనిచెయ్యట్లేదు" అనే కారణానికి ఏ సెల్లరూ డిఫెక్ట్ కింద రిటర్న్ తీసుకోడు, అది మీరు మనసు మార్చుకున్నట్టే లెక్క. అడాప్టర్ మీద ఉండే సన్న అక్షరాల ఫొటో అడగండి. దాని మీద `INPUT: 100-240V~ 50/60Hz` అని ఉంటే ఎక్కడైనా పెట్టొచ్చు, ప్లగ్ పిన్ను మార్చుకుంటే చాలు. ఒట్టి 100V అనో 120V అనో ఉంటే 230 వోల్టుల సాకెట్‌లో పెట్టగానే కాలిపోతుంది, పిన్ను మార్చే చిన్న కన్వర్టర్ వోల్టేజ్‌ని తగ్గించదు.

ఫోన్ అయితే ఇంకాస్త జాగ్రత్త. ఒకే పేరుతో దేశానికో మోడల్ నంబర్ అమ్ముతారు, సిగ్నల్ అందుకునే ఫ్రీక్వెన్సీ బ్యాండ్లు వేరే ఉంటాయి, కాబట్టి పేరుతో కాకుండా పూర్తి మోడల్ నంబర్‌తో వెతికి మీ నెట్‌వర్క్ వాడే బ్యాండ్లు అందులో ఉన్నాయో లేదో చూడండి. అమెరికాలో అమ్మే ఐఫోన్లకి 14 సిరీస్ నుంచి సిమ్ ట్రే లేదు, ఈసిమ్ ఒక్కటే. జపాన్‌లో అమ్మే ఫోన్లలో చాలావాటికి కెమెరా క్లిక్ సౌండ్ ఆఫ్ చెయ్యడం కుదరదు. ఇలాంటివి బాక్స్ తెరిచాక తెలిస్తే ఎవర్నీ అడగలేం. డ్రోన్లు, వాకీటాకీలు, సిగ్నల్ బూస్టర్ల లాంటి వాటికి చాలా దేశాల్లో ముందస్తు పర్మిషన్ కావాలి, కొన్నిచోట్ల దిగుమతే నిషేధం. ఆర్డర్ చేసే ముందు మీ దేశం కస్టమ్స్ సైట్‌లోనే చూడాలి, సెల్లర్ "నో ప్రాబ్లం" అన్నాడని నమ్మొద్దు, పార్సిల్ ఆగితే అతనికేం పోదు.

2. ఇంటికి చేరే రేటు

కస్టమ్స్ వాళ్ళు సైట్‌లో రేటు ఒక్కటే చూడరు. చాలా దేశాల్లో వస్తువు ధర, షిప్పింగ్, ఇన్సూరెన్స్ మూడూ కలిపి, ఆ మొత్తం మీద డ్యూటీ వేస్తారు, దీన్నే సీఐఎఫ్ విలువ అంటారు. అమెరికా, కెనడా లాంటి కొన్ని దేశాలు బయటి షిప్పింగ్‌ని డ్యూటీ లెక్కలోంచి వదిలేస్తాయి. ఆ తర్వాత డ్యూటీని కూడా కలుపుకుని, ఆ పెద్ద మొత్తం మీద వ్యాట్ గానీ జీఎస్టీ గానీ వేస్తారు, అంటే పన్ను మీద పన్ను. రెండు శాతాలూ కూడేసి ఒకేసారి గుణిస్తే లెక్క తక్కువ వచ్చేది ఇందుకే.

డ్యూటీ శాతం వస్తువు హెచ్‌ఎస్ కోడ్‌ని బట్టి, అంటే అది ఏ రకం వస్తువో చెప్పే కస్టమ్స్ నంబర్‌ని బట్టి ఉంటుంది. మొదటి 6 అంకెలు దాదాపు ప్రపంచమంతా ఒకటే, కంప్యూటర్లు 8471లో, ఫోన్లు 8517లో, హెడ్‌ఫోన్లు 8518లో, గేమ్ కన్సోళ్ళు 9504లో వస్తాయి. మీ దేశం టారిఫ్ పట్టికలో ఆ కోడ్ పక్కన ఎంత రాసుందో చూడండి. 1996 నాటి ఐటీ అగ్రిమెంట్ వల్ల కంప్యూటర్ల లాంటివాటికి చాలా దేశాల్లో డ్యూటీ సున్నా, కానీ డ్యూటీ సున్నా అంటే వ్యాట్ కూడా సున్నా అని కాదు, అక్కడ చాలామంది పొరపడతారు. ఇంకో మెలిక ఉంది, కొన్ని దేశాలు సొంత వాడకానికి వచ్చే పార్సిళ్ళన్నిటినీ ఒకే పద్దు కింద పెట్టేస్తాయి, ఉదాహరణకి ఇండియాలో 9804 అని విడిగా ఉంది, అలాంటిచోట వ్యాపారులకి ఉండే తక్కువ రేటు చూసుకుని మనకీ అదే అనుకుంటే బిల్లు చూసి షాక్ తగులుతుంది.

"చిన్న పార్సిల్‌కి డ్యూటీ పడదులే" అనే పాత మాట పట్టుకోకండి. యూరోపియన్ యూనియన్‌లో 22 యూరోల లోపు వాటికి ఉన్న వ్యాట్ మినహాయింపు 2021 జులై 1న పోయింది, అమెరికాలో 800 డాలర్ల దాకా ఉన్న మినహాయింపు 2025 ఆగస్టు 29 నుంచి ఆగిపోయింది. రెండేళ్ళ కిందటి వీడియోలో చెప్పింది ఇప్పుడు పనికిరాకపోవచ్చు.

ఇక మన ట్యాబ్లెట్ లెక్క. ఇక్కడ డ్యూటీ 10 శాతం, వ్యాట్ 18 శాతం అని ఊరికే అనుకుందాం, మీరు మీ దేశం అంకెలు పెట్టుకోండి. ధర 300, షిప్పింగ్ 25, ఇన్సూరెన్స్ 5, మొత్తం 330. దాని మీద 10 శాతం డ్యూటీ 33. ఇప్పుడు 363 అయింది, దాని మీద 18 శాతం అంటే 65 చిల్లర. కొరియర్ వాళ్ళు మన తరఫున కస్టమ్స్‌కి ముందుగా డబ్బు కట్టినందుకు విడిగా ఒక ఫీజు వేస్తారు, అది 15 అనుకుందాం. అన్నీ కలిపితే 443. కార్డు బ్యాంకు వేసే ఫారిన్ కరెన్సీ ఛార్జీ దీనికి అదనం. చెక్‌అవుట్‌లో "మీ కరెన్సీలో కట్టండి" అని అడిగితే వద్దని సెల్లర్ కరెన్సీలోనే కట్టడం మామూలుగా చవక, ఎందుకంటే ఆ మార్పిడి రేటు సైటు వాడు పెట్టుకున్నది, అందులో అతని లాభం కలిసే ఉంటుంది.

3. డ్యూటీ ఎవరు కడుతున్నారు

చెక్‌అవుట్‌లో డీడీపీ అనో, "డ్యూటీలతో కలిపి" అనో ఉంటే సెల్లరే ముందు వసూలు చేసి కట్టేస్తాడు, తలుపు దగ్గర మళ్ళీ కట్టాల్సిన పని ఉండకూడదు. డీఏపీ గానీ పాత పేరు డీడీయూ గానీ ఉంటే మీరే కట్టాలి. ఏమీ రాయకపోతే మీదే అనుకోండి. నా లెక్కలో కాస్త ఎక్కువైనా డీడీపీనే మేలు, కొరియర్ ఫీజు తప్పుతుంది, కస్టమ్స్ ఎక్కువ వేసినా ఆ తలనొప్పి సెల్లర్‌ది. ఒక్క ఇబ్బంది, డ్యూటీ కట్టిన రసీదు మీ పేరు మీద రాకపోవచ్చు, తర్వాత రిటర్న్ చేస్తే ఆ డ్యూటీ వెనక్కి అడిగే హక్కు మీకు ఉండదు. అందుకే డీడీపీ ఆర్డర్‌లో రిటర్న్ చేస్తే డ్యూటీ భాగం కూడా రిఫండ్ చేస్తారా అని ముందే మెయిల్‌లో అడిగి జవాబు దాచుకోండి.

కొంతమంది సెల్లర్లు వాళ్ళంతట వాళ్ళే "గిఫ్ట్ అని రాస్తాను, 40 డాలర్లు అని వేస్తాను" అంటారు. వద్దని గట్టిగా చెప్పండి. తప్పు విలువ అని దొరికితే ఆపేసి జరిమానా వేసేది మీకు, అతనికి కాదు. దొరక్కపోయినా నష్టమే, దారిలో పార్సిల్ పోతే ఇన్సూరెన్స్ 40కే వస్తుంది, రిటర్న్ అప్పుడు "మీ కాగితంలో 40 అని ఉంది కదా, 300 ఎలా అడుగుతున్నారు" అనే ప్రశ్న వస్తుంది.

పార్సిల్ దారిలో ఉండగా "డ్యూటీ పెండింగ్, ఈ లింక్‌లో కట్టండి" అని మెసేజ్ వస్తే లింక్ నొక్కకండి, ట్రాకింగ్ నంబర్‌ని కొరియర్ సైట్‌లో మీరే టైప్ చేసి చూడండి, నిజంగా బాకీ ఉంటే అక్కడే కనబడుతుంది.

4. వెనక్కి పంపాల్సొస్తే ఎంత పోతుంది

అసలు విషయం ఇదే, ఇక్కడ కాస్త నెమ్మదిగా చదవండి.

మన ట్యాబ్లెట్ ఆన్ అవ్వలేదు, సెల్లర్ మంచివాడే, "పంపండి, 300 ఇచ్చేస్తాను" అన్నాడు. వెనక్కి కొరియర్ ఖర్చు మీదే అనుకుందాం, చాలా షాపుల పాలసీ అంతే. ఒక్క పార్సిల్ పంపే మామూలు మనిషికి కొరియర్ రేటు షాపుకి పడేదానికంటే చాలా ఎక్కువ ఉంటుంది, కాబట్టి రావడానికి 25 పడితే పోవడానికి 60 పడిందనుకోండి. ఇప్పుడు పోయినవి కూడండి: మొదటి షిప్పింగ్, ఇన్సూరెన్స్ కలిపి 30, డ్యూటీ 33, వ్యాట్ 65, కొరియర్ ఫీజు 15, రిటర్న్ 60. మొత్తం 203. అంటే 300 పూర్తిగా రిఫండ్ వచ్చినా 203 డాలర్లు గాల్లో కలిసినట్టే, చేతిలో ట్యాబ్లెట్ కూడా లేదు. అందులో వెనక్కొచ్చిన వస్తువుని మళ్ళీ స్టాకులో పెట్టుకున్నందుకు రీస్టాకింగ్ ఫీజు అని ఇంకో 10 శాతం కోస్తే 233.

ఇప్పుడు ఇదే ట్యాబ్లెట్ మీ దేశంలోనే 480కి దొరుకుతుంది అనుకోండి. తెప్పించుకుంటే 443, మిగిలేది 37. ఆ 37 కోసం 203 పోయే రిస్క్ తీసుకుంటున్నారు, పైగా లోకల్ వారంటీ వదులుకుంటున్నారు. నేనైతే తెప్పించను. అదే మీ దేశంలో 700 అయితే, లేదా అసలు దొరక్కపోతే, అప్పుడు లెక్క మారుతుంది, వెళ్ళొచ్చు. కేబుళ్ళు, కీబోర్డులు, లెన్సుల లాంటి బ్యాటరీ లేని వస్తువుల్లో రిస్క్ ఇంకా తక్కువ, ఎందుకో ఇప్పుడు చెప్తాను.

లిథియం బ్యాటరీ ఉన్న వస్తువు విమానంలో ప్రమాదకర సరుకు కింద లెక్క. వస్తువు లోపలే బ్యాటరీ ఉంటే దాని నంబర్ UN3481, విడి బ్యాటరీ గానీ పవర్ బ్యాంక్ గానీ అయితే UN3480, ఈ రెండోదాన్ని ప్రయాణికుల విమానాల్లో సరుకుగా వెయ్యడం 2016 ఏప్రిల్ 1 నుంచి నిషేధం. షాపుకి కొరియర్‌తో ఒప్పందం ఉంటుంది కాబట్టి మీదాకా పంపగలిగింది, కానీ మీరు కౌంటర్ దగ్గరికి వెళ్తే "బ్యాటరీ ఉందా, తీసుకోం" అనే అవకాశం బాగా ఉంది, చాలా దేశాల పోస్టాఫీసులు కూడా బయటి దేశాలకి తీసుకోవు. ఇక బ్యాటరీ ఉబ్బిపోయిందనుకోండి, పాడైన లిథియం బ్యాటరీని విమానంలో పంపడమే నిషేధం, అంటే మీ వస్తువుకి ఉన్న జబ్బు బ్యాటరీదే అయితే వాయు మార్గంలో రిటర్న్ అనేది కాగితం మీద తప్ప లేదు. ఆ పరిస్థితిలో "పాడైన బ్యాటరీని విమానంలో పంపడానికి వీల్లేదు, ఫొటో, వీడియో ఇస్తాను, రిఫండ్ ఇవ్వండి" అని సెల్లర్‌కి రాతపూర్వకంగా చెప్పాలి. అందుకే బ్యాటరీ ఉన్నవాటికి, ప్రీపెయిడ్ రిటర్న్ లేబుల్ ఇచ్చే షాపు దగ్గరే, లేదా మీ దేశంలో రిటర్న్ అడ్రస్ ఉన్న షాపు దగ్గరే కొనడానికి చూడండి, ధర పది పదిహేను డాలర్లు ఎక్కువైనా పర్వాలేదు.

5. వారంటీ గురించి ఏం అడగాలి

"1 ఇయర్ వారంటీ" అని పేజీలో ఉంటుంది, ఏ దేశంలో అనేది ఉండదు. అది కంపెనీ వారంటీయా సెల్లర్ వారంటీయా అనేది మొదటి ప్రశ్న. సెల్లర్ వారంటీ అంటే వస్తువుని అతని దేశానికి మీరే పంపాలి, పైన చెప్పిన 60 డాలర్లు, బ్యాటరీ గొడవ మళ్ళీ మొదటికి. కంపెనీ వారంటీ అయితే ఆ కంపెనీ మీ దేశంలోని సర్వీస్ సెంటర్‌కి మెయిల్ పెట్టి, పూర్తి మోడల్ నంబర్ రాసి, బయటి దేశంలో కొన్నది తీసుకుంటారా అని అడగండి. కంపెనీ మీ దేశంలో ఉన్నా సరే ఆ మోడల్ ఇక్కడ అమ్మకపోతే పార్టులు ఉండవు, డబ్బులు కడతామన్నా రిపేర్ చెయ్యలేరు. లాప్‌టాప్ కంపెనీలు కొన్నిటికి అంతర్జాతీయ వారంటీ ఉంటుంది, ఫోన్లకి అది తక్కువ.

ఇంకో చిన్న విషయం, కొన్ని వారంటీలు వస్తువు షాపులోంచి బయల్దేరిన రోజు నుంచే మొదలవుతాయి. కస్టమ్స్‌లో మూడు వారాలు కూర్చుంటే ఆ మూడు వారాలు మీ వారంటీలోంచే పోయినట్టు. రిటర్న్ గడువు మాత్రం చేతికొచ్చిన రోజు నుంచి లెక్కపెడతారా లేదా అని పాలసీ పేజీలో చూసి స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.

6. పార్సిల్ వచ్చిన రోజు

సీల్ పగలకముందు లేబుల్ కనబడేలా మొదలుపెట్టి, తెరవడం, ఆన్ చెయ్యడం, సీరియల్ నంబర్ చూపించడం అంతా ఆపకుండా ఒకే వీడియోగా తియ్యండి. మధ్యలో కట్ చేస్తే దానికి విలువ తగ్గిపోతుంది. బాక్స్, లోపలి థర్మకోల్, షిప్పింగ్ లేబుల్ రిటర్న్ గడువు అయ్యేదాకా పారెయ్యకండి. డ్యూటీ రసీదు, కస్టమ్స్ డిక్లరేషన్ కాపీ కొరియర్ దగ్గర అడిగి తీసుకోండి, వాళ్ళంతట వాళ్ళు అన్నిసార్లూ ఇవ్వరు. ఇక ఆ వారంలోనే స్పీకర్, మైక్, ఛార్జింగ్ పోర్ట్, వైఫై, స్క్రీన్ మూలలు అన్నీ టెస్ట్ చేసెయ్యండి, "తర్వాత చూద్దాం" అని పక్కన పెట్టేంత టైం ఉండదు.

7. తేడా వస్తే

సెల్లర్‌తో మాటలన్నీ ఆ సైట్ మెసేజ్ బాక్స్‌లోనే జరగాలి, వాట్సాప్‌కి రమ్మంటే వెళ్ళకండి, రేపు డిస్ప్యూట్ పెడితే సైట్ వాళ్ళు చూసేది ఆ మెసేజ్‌లే. "ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చెయ్యండి", "టెక్నీషియన్‌ని అడిగి చెప్తా", "మా దగ్గర సెలవులు" అంటూ రోజులు లాగడం బాగా అలవాటైన ఎత్తు, ఈలోపు డిస్ప్యూట్ గడువు అయిపోతుంది. పేపాల్‌లో డిస్ప్యూట్‌కి 180 రోజులు ఉంది, కార్డుల్లో మామూలుగా 120 రోజుల చుట్టూ ఉంటుంది, సైట్ సొంత గడువు మాత్రం ఇంతకంటే చాలా చిన్నది కావచ్చు. "డిస్ప్యూట్ మూసేస్తే రిఫండ్ ఇస్తా" అంటే వద్దు, డబ్బు అకౌంట్‌లో పడ్డాకే మూసెయ్యాలి, ఒకసారి మూస్తే మళ్ళీ తెరవనివ్వకపోవచ్చు.

చాలాసార్లు సెల్లర్ "మీరే ఉంచుకోండి, కొంత డబ్బు ఇస్తాను" అంటాడు. అవమానంగా తీసుకోకుండా లెక్క వెయ్యండి. ఇప్పటికే కట్టిన డ్యూటీ, షిప్పింగ్ ఎటూ పోయాయి, రిటర్న్ చేస్తే ఇకనుంచి వచ్చేది 300, పోయేది 60, అంటే చేతిలో మిగిలేది 240. మన ట్యాబ్లెట్‌లో స్క్రీన్ మూలలో ఒక చుక్క మాత్రమే పోయి, సెల్లర్ 90 ఇస్తానంటే, ఆ చుక్క ఉన్న ట్యాబ్లెట్ మీకు 150 కంటే ఎక్కువ విలువ చేస్తే ఉంచుకోవడమే లాభం. అసలు ఆన్ అవ్వనిదానికి 90 అంటే ఒప్పుకోకూడదు.

పంపడమే తేలితే, ముందు సెల్లర్ దగ్గర రిటర్న్ నంబర్ తీసుకోండి, అది లేకుండా పంపితే గోడౌన్‌లో ఎవరిదో తెలియక పడి ఉంటుంది. తర్వాత కస్టమ్స్ ఫారం. ఇందులో వస్తువుని అమ్మకంలా రాస్తే సెల్లర్ దేశంలో అతనికి డ్యూటీ పడుతుంది, అతను పార్సిల్ తీసుకోనంటాడు, అది మళ్ళీ మీకే తిరిగొస్తుంది, ఆ ఖర్చూ మీదే. వివరాల గడిలో ఇలా రాయండి, రిటర్న్ నంబర్, పాత ఇన్వాయిస్ నంబర్ మీవి పెట్టుకోండి:

```
RETURNED GOODS - DEFECTIVE - NOT A SALE
RMA NO: ______
ORIGINAL INVOICE NO: ______
```

విలువ గడిలో సున్నా రాయొద్దు, అసలు ఇన్వాయిస్‌లో ఉన్న 300 రాయండి, దారిలో పోతే ఇన్సూరెన్స్ దాన్ని బట్టే వస్తుంది. పాత ఇన్వాయిస్ కాపీ ఒకటి బయట కవర్‌లో, ఒకటి లోపల.

డ్యూటీ వెనక్కి తీసుకోవడానికి చాలా దేశాల్లో దారి ఉంది, కానీ ముఖ్యమైన షరతు ఏంటంటే వస్తువు దేశం దాటకముందే కస్టమ్స్‌కి చెప్పాల్సి రావచ్చు, కొన్నిచోట్ల వాళ్ళు వస్తువుని చూసి, వచ్చినదీ వెళ్తున్నదీ ఒకటేనని సీరియల్ నంబర్‌తో సరిపోల్చుకుంటారు. పంపేశాక అడిగితే చేతిలో రుజువు ఉండదు. 98 డాలర్ల డ్యూటీ, వ్యాట్ కోసం ఆఫీసుల చుట్టూ తిరగడం, ఏజెంట్‌కి ఫీజు కట్టడం గిట్టుబాటు కాకపోవచ్చు, వెయ్యి డాలర్ల కెమెరా అయితే మాత్రం తప్పకుండా అడగాలి.

రిపేర్ కోసం పంపి మళ్ళీ తెప్పించుకునేటప్పుడు కూడా ఇదే మెలిక. బాగై తిరిగొచ్చే వస్తువు కస్టమ్స్ కళ్ళకి కొత్త దిగుమతే, మొత్తం విలువ మీద రెండోసారి డ్యూటీ వేస్తారు. అలా కాకుండా ఉండాలంటే వెళ్ళేటప్పుడే "రిపేర్ కోసం తాత్కాలికంగా పంపుతున్నాను" అని ఎక్స్‌పోర్ట్ కాగితంలో సీరియల్ నంబర్‌తో సహా రాయించి స్టాంపు వేయించుకోవాలి, వచ్చేటప్పుడు సెల్లర్‌తో ఇన్వాయిస్ మీద `REPAIRED UNDER WARRANTY` అని, అదే సీరియల్ నంబర్ రాయించాలి. రిపేర్ బదులు కొత్త పీస్ పంపుతున్నామంటే సీరియల్ నంబర్ మారిపోతుంది కాబట్టి ఈ కాగితం పనిచెయ్యకపోవచ్చు, అప్పుడు ఆ రెండో డ్యూటీ ఎవరు కట్టాలనేది పార్సిల్ అక్కడ్నుంచి కదలకముందే సెల్లర్‌తో మెసేజ్‌లో తేల్చుకోండి.